వడికిందెవరు, నేసిందెవరు?

శ్రీకాకుళానికి దగ్గర్లో ఒక హైస్కూలు. అక్కడి పదో తరగతి పిల్లలకు తెలుగు టీచరు రెండు మెట్ల పని ఒకటి ఇచ్చారు. మన జిల్లాలో చేతిపని ఏదైనా ఎంచుకుని దాని మీద ఒక పేరా రాయాలి. తర్వాత అదే పేరాను కుదించి, వాక్యాలు పొందికగా ఉండేలా తిరగరాయాలి. తిరగరాయడం అందరికీ కొరుకుడు పడలేదు. దాంతో టీచరు ఒక పేరాను నమూనాగా తానే దిద్దారు. దాన్నీ, మిగతా పిల్లల పుస్తకాల్నీ తీసుకెళ్లి, తనకు ఒకప్పుడు తెలుగు చెప్పిన మాస్టారికి చూపించారు. మాస్టారు రిటైరై చాలా కాలమైంది గానీ ఎర్రసిరా కనబడితే ఊరుకోరు.

మాస్టారు: ఏటమ్మా ఇది? పిల్ల రాసినదానికంటే నీ ఎర్రసిరాయే ఎక్కువ కనబడతంది!

టీచరు: ముందు పిల్ల రాసింది చదవండి మాస్టారూ. తిట్టడం తర్వాత.

(పిల్ల రాసింది ఇది: "మా జిల్లాలో ఉన్నటువంటి పొందూరు అనేటటువంటి ఊరు ఖద్దరు యొక్క తయారీకి ఎంతో చాలా ప్రసిద్ధి చెందినటువంటిది. ఇక్కడ కొండపత్తి అనే పత్తిని ఉపయోగించడం జరుగుతుంది. ముందుగా మొట్టమొదట వాలుగ చేప యొక్క దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు, తరువాత గింజలను వేరుచేయడం, ఏకులు తయారు చేయబడతాయి, ఆ తర్వాత ఆడవాళ్లు రాట్నం మీద వడికి, మగ్గం మీద నేత జరుగుతుంది. ఈ విధంగా తయారు చేయబడినటువంటి వస్త్రం సన్నగా, మెత్తదనం మరియు మన్నిక కలిగి ఉంటుంది. మా అమ్మమ్మ కూడా వడికేది, మా అమ్మమ్మ చేతివేళ్లు చూస్తే తెలుస్తుంది, ఎన్నో ఏళ్లు వడికేది.")

మాస్టారు: బాగానే రాసింది కదా ఈ గుంట. చేప దవడ సంగతి కూడా మర్చిపోలేదు. ఇందులో నీకు ఏటి నచ్చలేదు?

టీచరు: విషయం అంతా నచ్చింది. ఆ విషయం మీద కప్పిన దుప్పటి నచ్చలేదు. ఇందులో 67 మాటలున్నాయి. నేను దిద్దింది 27 మాటలు. చూడండి: "మా జిల్లాలోని పొందూరు ఖద్దరుకు ప్రసిద్ధి. ఇక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజలు తీసి, ఏకులు చేసి, రాట్నం మీద వడికి, మగ్గం మీద నేస్తారు. ఈ బట్ట సన్నగా, మెత్తగా, మన్నికగా ఉంటుంది."

మాస్టారు: అమ్మమ్మని కూడా తీసీసినావా!

టీచరు: అమ్మమ్మ దగ్గరికి తర్వాత వద్దాం. ముందు ఎలా కుదించానో చెప్పనివ్వండి. ఒకేసారి కొట్టేయలేదు, మూడుసార్లు చదివాను. మొదటిసారి పని లేని మాటలు మాత్రమే చూశాను. "ఉన్నటువంటి", "అనేటటువంటి", "చెందినటువంటిది", రెండు "యొక్క"లు. "ఎంతో" పక్కన "చాలా", "ముందుగా" పక్కన "మొట్టమొదట". ఒక్కో మాట మీద వేలు పెట్టి మూసి, మిగతాది పైకి చదవమంటాను పిల్లల్ని. వినేవాడికి ఏ సందేహమూ రాకపోతే ఆ మాట అక్కర్లేదన్నమాట.

మాస్టారు: మనిషి మాట్లాడేటప్పుడు ఊపిరి తీసుకోవద్దా? ఆ మాటలు ఊపిరి తీసుకునే చోట్లు. గిడుగు వారు మన జిల్లావారు, పర్వతాలపేటలో పుట్టినారు, 1863లో. జీవితమంతా ఏటి చెప్పినారు? నోటితో ఎలాగ మాట్లాడతామో కలంతో అలాగే రాయమన్నారు. నువ్వు ఆ నోటిని కుట్టీసినావు.

టీచరు: గిడుగు వారిని మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. పొందూరులో ఏ అమ్మమ్మ అయినా "నేను నూలు వడకడం జరిగింది" అంటుందా? "అనేటటువంటి" అంటుందా? ఇవి ఇంట్లో పుట్టిన మాటలు కావు. సభలో మైకు ముందు నిలబడ్డవాళ్లవి, ఆఫీసు కాగితాలవి. పిల్ల వాటిని విని, పెద్దరికమంటే ఇదేననుకుని తెచ్చి తగిలించింది. గ్రాంథికాన్ని గిడుగు వారు ఎదిరించింది కూడా అందుకే, ఎవరూ ఇంట్లో మాట్లాడని భాషని పిల్లల నెత్తిన రుద్దుతున్నారని. ఆయన ఉంటే ఈ "జరుగుతుంది"ని నాకంటే ముందే కొట్టేసేవారు.

మాస్టారు: సరే, ఆ మాట నీదే. "జరుగుతుంది" పోతే పోనీ.

(ఇక్కడ మాస్టారు ఓడిపోయారని పాఠకులు అనుకోవద్దు. ఒక మెట్టు దిగడం ఆయన అలవాటు, తర్వాత రెండు ఎక్కడానికి.)

టీచరు: రెండోసారి క్రియలు వెతికాను. "ఉపయోగించడం జరుగుతుంది" అన్నచోట అసలు పని "వాడడం". అది "జరుగుతుంది" వెనక దాక్కుంది. "ఏకులు తయారు చేయబడతాయి"లో అసలు పని "చేయడం". ఆ క్రియను బయటికి లాగి వాక్యం చివర కూర్చోబెడితే చాలు, సగం మాటలు వాటంతట అవే రాలిపోతాయి. నేను "వాడతారు" కూడా రాయలేదు. తర్వాత వాక్యంలో పత్తిని దువ్వుతున్నాం కాబట్టి వాడుతున్నట్టే కదా.

మాస్టారు: మూడోసారి?

టీచరు: తోకలు చూశాను. తెలుగులో వాక్యం పొందిక మాట చివర తెలుస్తుంది. పిల్లలకి నేను చెప్పేది ఇదే: వరసగా పనులు చెప్పిన వాక్యం దొరికితే మాటలు చదవొద్దు, చివర్లు మాత్రమే గీత గీయండి. ఈ పేరాలో గీయండి. "దువ్వుతారు", "వేరుచేయడం", "చేయబడతాయి", "వడికి", "నేత జరుగుతుంది". అయిదు పనులు, అయిదు రకాల తోకలు. ఒకటి పూర్తి క్రియ, ఒకటి నామం, ఒకటి కర్మణి, ఒకటి సగం క్రియ, చివరిది మళ్లీ "జరుగుతుంది". చదివేవాడు ప్రతి కామా దగ్గరా ఆగి, కొత్త దారి పట్టాలి. తర్వాతి వాక్యంలోనూ అంతే, "సన్నగా, మెత్తదనం మరియు మన్నిక". ఒకటి "గా"తో ఉంది, రెండు నామాలు. అన్నింటికీ ఒకే తోక ఇచ్చాను. దువ్వి, తీసి, చేసి, వడికి, నేస్తారు. సన్నగా, మెత్తగా, మన్నికగా.

మాస్టారు: ఇది మన సామెతలకి ఎప్పుడో తెలుసు. "పిట్ట కొంచెం, కూత ఘనం." రెండు ముక్కలూ ఒకే తూకం. దాన్ని మీ పిల్లలు రాస్తే "పిట్ట అనేటటువంటిది చిన్నది అయినప్పటికీ దాని యొక్క కూత ఘనంగా ఉండడం జరుగుతుంది" అని రాసీస్తారు, నిజమే. తూకం అక్కర్లేదని నేను అన్లేదు. కానీ నీ తూకం అబద్ధం చెప్పింది.

టీచరు: అబద్ధమా?

మాస్టారు: "దువ్వి, తీసి, చేసి, వడికి, నేస్తారు" అన్నావు. ఎవరు?

టీచరు: పొందూరు వాళ్లు.

మాస్టారు: పొందూరు వాళ్లంటే ఒక మనిషా? "నేను వండి ఆయన తిన్నాడు" అని తెలుగులో ఎవరైనా అంటారా? "నేను వండితే ఆయన తిన్నాడు" అంటాం. ఎందుకూ అంటే, ఆ "వండి"లో ఉన్న "ఇ" తర్వాత క్రియ ఎవరిదో ముందు క్రియ కూడా వాళ్లదే అని చెప్తాది. చిన్నప్పుడు నీకు క్త్వార్థకం అని చెప్పినాను, మర్చిపోయినావా?

టీచరు: "వాన కురిసి పంట పండింది" అంటాం కదా. అక్కడ కురిసింది వాన, పండింది పంట.

మాస్టారు: అది ప్రకృతి పని, ఒకటి రెండోదానికి కారణం. అక్కడ చెల్లుతాది. మనుషులు చేసే పనుల్లో చెల్లదు. నీ వాక్యం చదివినవాడు ఏటనుకుంటాడు? రాట్నం మీద వడికిన చెయ్యే మగ్గం మీద నేసిందనుకుంటాడు. పొందూరులో అలాగ కాదు. పత్తి దువ్వేదీ, గింజ తీసేదీ, వడికేదీ ఆడవాళ్లు. నేతకి వేరే నేతగాళ్లు ఉన్నారు. పిల్ల పేరాలో "ఆడవాళ్లు" అని ఒక మాటుంది. నువ్వు దాన్ని కూడా కొట్టీసినావు. పిల్ల వాక్యం వంకరగా ఉంది గానీ అందులో నిజం ఉంది. నీది తిన్నగా ఉంది, నిజం జారిపోయింది.

టీచరు: (కొంచెంసేపు ఏమీ అనలేదు.) అది నేను చూడలేదు. "వడికి, మగ్గం మీద నేత జరుగుతుంది" అని పిల్ల ఎందుకు వంకర తిప్పిందో ఇప్పుడు అర్థమవుతోంది. అక్కడ మనిషి మారాడని దానికి తెలుసు. "వడికి" అని రాసేసింది, తర్వాత "నేస్తారు" అంటే తప్పవుతుందని ఎక్కడో తోచి, "నేత జరుగుతుంది" అంటూ మనిషిని దాటేసింది.

మాస్టారు: అద్గదీ! తప్పు రాసినచోట పిల్ల ఏటి ఆలోచిస్తున్నాదో కనబడతాది. దాన్ని కొట్టీసే ముందు ఆ ఆలోచన చదవాలి.

(ఈ ఒక్కచోట నేనూ మాస్టారి పక్షమే. వాక్యం ఎక్కడ విరిగిందో అక్కడ విషయం మారిందేమో చూడమని ఏ భాషాభ్యాసమూ చెప్పగా నేను వినలేదు. పొందిక తప్పింది, సరిచేయండి అని మాత్రమే చెబుతారు.)

టీచరు: అయితే ఇలా విడగొట్టొచ్చు. "ఇక్కడ ఆడవాళ్లు కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజలు తీసి, ఏకులు చేసి, రాట్నం మీద వడుకుతారు. ఆ నూలును నేతగాళ్లు మగ్గం మీద నేస్తారు." చెయ్యి మారేదాకా ఒకే తోక, చెయ్యి మారినచోట వాక్యం ఆగుతుంది. రెండు వాక్యాలూ ఒకే తీరున ముగుస్తాయి కూడా. మొదటిది "వడుకుతారు", రెండోది "నేస్తారు".

మాస్టారు: బాగుంది. కానీ దువ్వేదీ ఏకులు చేసేదీ ఆడవాళ్లే అని నేను చెప్పినాను, పిల్ల రాయలేదు. పిల్ల "ఆడవాళ్లు" అన్నది వడికే దగ్గర మాత్రమే. నువ్వు దాన్ని ముందుకి జరిపితే నువ్వే కొత్త సంగతి చేర్చినట్టు.

టీచరు: అవును. దిద్దేవాళ్లు విషయం చేర్చకూడదు. పక్కన "దువ్వేది ఎవరు?" అని ప్రశ్న రాసి ఇస్తాను. దానింట్లోనే అమ్మమ్మ ఉంది, అడిగి రాస్తుంది.

మాస్టారు: అలాగే "సన్నగా" దగ్గర కూడా ఒక ప్రశ్న రాయి. ఎంత సన్నగా? పొందూరులో 100 కౌంటు నూలు దాకా వడుకుతారు. 840 గజాల చిలపలు నూరు కలిస్తే ఒక పౌను బరువన్నమాట. "ఎంతో చాలా ప్రసిద్ధి" అని మూడు మాటలు రాసే బదులు ఆ ఒక్క అంకె వేస్తే సరిపోతాది.

టీచరు: నేను చెప్పేదీ అదే కదా మాస్టారూ. క్లుప్తత అంటే మాటలు తగ్గించడమే కాదు, వాటి చోటు విషయానికి ఇవ్వడం.

మాస్టారు: మరి విషయానికి చోటిచ్చే దానివి గురజాడ వారిని ఒకసారి తలుచుకో. "కన్యాశుల్కం" 1897లో అచ్చయింది. ఆయన దాన్నే తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేసినారు. తిరగరాత అంటే కుదించడమైతే రెండోది చిన్నదవ్వాలి. పెద్దదైపోయింది! ఇప్పుడు మనం చదివేది ఆ పెద్దదే. ఆయన చేసిన దిద్దుబాటుకి నువ్వు ఎన్ని మార్కులు వేస్తావు?

టీచరు: నిండుగా వేస్తాను. ఆయన పెంచింది మనుషుల్ని, సంభాషణల్ని. "టువంటి"లని కాదు. తిరగరాస్తే పేరా పెరగకూడదని నేను పిల్లలకి చెప్పను. కానీ మాస్టారూ, పరీక్షలో పిల్లకి ఉండేది అయిదారు గీతల చోటు. అందులో "ఎంతో చాలా" కూర్చుంటే "100 కౌంటు"కి చోటుండదు.

మాస్టారు: సర్లే. నీ తోకల లెక్క గురించి ఇంకొకటి ఉంది. వీడు చూడు, బూడితి ఇత్తడి గురించి రాసినవాడు. తిరగరాసిన పేరాలో "బూడితి బిందెలు అందంగా, ఆకర్షణీయంగా, అద్భుతంగా ఉంటాయి" అన్నాడు.

టీచరు: ఆ పుస్తకానికి నేనే "బాగుంది" అని రాశాను.

మాస్టారు: రాస్తావు మరి, తోకలు మూడూ ఒక్కలా ఉన్నాయి కదా. కానీ మూడూ కలిపి చెప్పింది ఒకే మాట. పొందిక పేరుతో వాగుడు మళ్లీ ఇంట్లోకి వచ్చీసింది. "గా" తగిలించడం అలవాటైతే పిల్లాడు మూడోది ఏటి రాయాలో తెలీక, తూకం కోసం ఏదో ఒకటి పెట్టీస్తాడు. బిందె ఎలాగుంటాదో వాడు చూసినాడా? మోగితే ఎలాగుంటాది, బరువెంత, నీళ్లు నిలవుంటే ఏమవుతాది? ఒక్కటీ లేదు.

టీచరు: దానికి మళ్లీ నా వేలు పరీక్షే. "ఆకర్షణీయంగా" మీద వేలు పెట్టి చదివితే ఏమీ పోదు. "అద్భుతంగా" మూసినా పోదు. "సన్నగా, మెత్తగా, మన్నికగా"లో అలా కాదు. ఒకటి కంటికి, ఒకటి చేతికి, ఒకటి ఏళ్లకి తెలిసేది. దేన్ని మూసినా ఏదో ఒకటి పోతుంది. అంటే తోకలు ఒకటైనాక మొదళ్లు వేరుగా ఉన్నాయో లేదో కూడా చూడాలి.

మాస్టారు: ఆ మాట పిల్లలకి చెప్పినావా?

టీచరు: చెప్పలేదు. చెబుతాను. ఇక మీ అమ్మమ్మ.

మాస్టారు: నా అమ్మమ్మ కాదు, ఆ గుంటది. "మా అమ్మమ్మ కూడా వడికేది, మా అమ్మమ్మ చేతివేళ్లు చూస్తే తెలుస్తుంది, ఎన్నో ఏళ్లు వడికేది." పేరా మొత్తంలో ఇదొక్కటే ఎవరి పుస్తకంలోనూ చూసి రాయని వాక్యం. నువ్వు దాన్నే నరికీసినావు.

టీచరు: నరికింది అందుకు కాదు. పేరా పొందూరు ఖద్దరు ఎలా తయారవుతుందో చెబుతోంది. అమ్మమ్మ వేరే పేరా. పైగా "మా అమ్మమ్మ" రెండుసార్లు, "వడికేది" రెండుసార్లు. పన్నెండు మాటల్లో మూడు ఊరికే తిరిగి వచ్చాయి.

మాస్టారు: ఊరికే ఏటి? అలాగే మాట్లాడతాం మనం. ఊళ్లో కథ చెప్పేవాళ్లని విను, పేరు రెండోసారి పలికినప్పుడే మనిషి కళ్లముందుకొస్తాది. అది వాగుడు కాదు, తాళం.

టీచరు: కథలో తాళం, ఒప్పుకుంటాను. ఇది వివరించే పేరా. ఇందులో రెండోసారి పలికితే అక్కడే తిరుగుతున్నట్టుంటుంది. కానీ అమ్మమ్మని మొత్తం తీసేయడం ఎక్కువే అయింది. "ఆడవాళ్లు వడుకుతారు" అన్న మాటకి సాక్ష్యం ఆవిడే. "మా అమ్మమ్మ కూడా వడికేది. చేతివేళ్లు చూస్తే తెలుస్తుంది." సరిపోతుందా?

మాస్టారు: "ఎన్నో ఏళ్లు" ఏమయింది?

టీచరు: "వడికింది" అంటే ఒకసారీ కావచ్చు. "వడికేది" అంటే అలవాటుగా చేసేదని దానిలోనే ఉంది. వేళ్లు చూస్తే తెలుస్తుందంటే ఏళ్ల తరబడి అనే కదా. మూడుసార్లు ఒకే సంగతి ఎందుకు?

మాస్టారు: "ఎన్నో ఏళ్లు" తీసీ, సరే. "మా అమ్మమ్మ" రెండోది మాత్రం ఉంచు. "మా అమ్మమ్మ వేళ్లు చూస్తే తెలుస్తుంది."

టీచరు: ఉంచను మాస్టారూ. ముందు వాక్యంలో ఆవిడ ఉంది. చేతివేళ్లు ఇంకెవరివవుతాయి?

మాస్టారు: ఆ నేతగాళ్లవి అవ్వొచ్చు, వాళ్లు కూడా పైనే ఉన్నారు కదా!

టీచరు: మధ్యలో బట్ట గురించి ఒక వాక్యం అడ్డం ఉంది. ఎవరూ పొరబడరు.

(ఈ మాట మీద ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. తేలలేదు. చివరికి టీచరు దిద్దిన పేరా ఇలా నిలిచింది: "మా జిల్లాలోని పొందూరు ఖద్దరుకు ప్రసిద్ధి. ఇక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజలు తీసి, ఏకులు చేస్తారు. ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. ఆ నూలును నేతగాళ్లు మగ్గం మీద నేస్తారు. బట్ట సన్నగా, మెత్తగా, మన్నికగా ఉంటుంది. మా అమ్మమ్మ కూడా వడికేది. చేతివేళ్లు చూస్తే తెలుస్తుంది." మొత్తం 37 మాటలు. మొదటి దిద్దుబాటు కంటే పది ఎక్కువ. ఆ పదిలోనే ఆడవాళ్లు, నేతగాళ్లు, అమ్మమ్మ ఉన్నారు.)

మాస్టారు: ఇప్పుడు దీన్ని బోర్డు మీద రాసీస్తావా?

టీచరు: నమూనా కదా, రాయొద్దా?

మాస్టారు: రాస్తే నలభై మందీ దీన్నే దించీస్తారు. మళ్లీ నీకు నలభై పొందూర్లు వస్తాయి. ఆ గుంట పేరా ఎలాగుందో అలాగే బోర్డు మీద వెయ్యి, దాని పేరు చెప్పకు. "టువంటి", "యొక్క", "జరుగుతుంది" వరకు నువ్వు కొట్టు, అవి ఎలాగూ ఎవరివీ కావు. తోకల కింద గీతలు వాళ్లనే గీయమను. మగ్గం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆపి "ఎవరు నేసినారు?" అని అడుగు.

టీచరు: అమ్మమ్మ వాక్యం?

మాస్టారు: అది ఎవరూ ముట్టుకోకూడదు. దాన్ని ఉంచాలో తీయాలో, ఉంచితే "మా అమ్మమ్మ" ఒకసారో రెండుసార్లో, ఆ గుంటనే తేల్చుకోమను. పేరా దానిది.

టీచరు: అలాగే మాస్టారూ. కానీ అది రెండుసార్లు ఉంచితే అర మార్కు తగ్గిస్తాను.